పాత డైరీ ఫొటోలను తేదీలవారీగా టైపు చేయడం ఎలా: రాసిన మాట మార్చకుండా, చదవరాని చోటు దాచకుండా

"తాత డైరీ పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాం. టైపు చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు." వరంగల్, హనుమకొండ, పరకాల, జనగామ వైపు ఇళ్లనుంచి ఈ మాట తరచూ వినిపిస్తుంది. వెంటనే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. సంవత్సరం రాయని పేజీకి ఏ తేదీ వేయాలి? సగమే కనిపించే పదాన్ని ఊహించి పూర్తి చేయొచ్చా? ఈ మూడింటికీ జవాబు ఒక నమూనా పేజీ మీద చూద్దాం. 1956 నాటి అచ్చు డైరీలో చేతితో రాసిన పేజీ అనుకోండి. 1950లు, 60ల డైరీల్లో వచ్చే చిక్కులు చాలావరకు ఇందులోనే కనిపిస్తాయి.

పని మొత్తానికీ ఒక్కటే నియమం. ఆయన రాసింది, మీరు ఊహించింది, ఎవరికీ చదవరానిది, ఈ మూడూ ఫైలులో ఎక్కడా కలిసిపోకూడదు. పదేళ్ల తర్వాత ఇంకొకరు ఆ ఫైలు తెరిస్తే ఏది ఏదో వాళ్లకు చూపుతోనే తెలియాలి.

కావలసినవి

- ఫొటోల అసలు కాపీ. దీన్ని తిప్పవద్దు, కత్తిరించవద్దు, వెలుతురు పెంచవద్దు. ఆ పనులన్నీ వేరే కాపీ మీద చేయండి.
- కంప్యూటర్ ఉంటే మంచిది. తెర సగంలో ఫొటో, సగంలో టైపు చేసే ఫైలు పెట్టుకోవచ్చు. ఫోనే ఉంటే ఫొటోను ఇంకో ఫోనులో తెరవండి. ఒకే ఫోనులో అటూ ఇటూ మారుతుంటే వరుసలు తప్పిపోతాయి.
- యూనికోడ్ తెలుగు కీబోర్డు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిస్తే కాగితం మీద బాగానే కనిపిస్తుంది కానీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి అక్షరాలవుతుంది, వెతికినా దొరకదు. బయట కొట్టిస్తే "యూనికోడ్‌లో కావాలి" అని ముందే చెప్పండి.
- చేతిరాత పట్టికకు ఒక నోటు పుస్తకం.
- ఆ ఊరి మాట తెలిసిన పెద్దమనిషి ఒకరు. రోజూ అవసరం లేదు, వారానికోసారి అరగంట కూర్చుంటే చాలు.

టైపు మొదలుపెట్టకముందే ఫోనులో, కంప్యూటర్లో అక్షరదోషాలు తానే దిద్దే సదుపాయాన్ని ఆపేయండి. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు పదాలు సూచించే కీబోర్డుతో ఇంకా జాగ్రత్త కావాలి. మీరు `vacchindru` అని కొట్టగానే అది తనకు తెలిసిన పుస్తకాల మాటను ముందు చూపిస్తుంది. చేయి అలవాటుగా దానిమీదే పడుతుంది. పని పెద్దదైతే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. అక్షరానికి అక్షరం మీరే కొడతారు కాబట్టి యంత్రం మధ్యలో దూరదు.

1. ఫొటోలను వరుస పెట్టండి

ప్రతి ఫొటోకు డైరీ సంఖ్య, పేజీ సంఖ్య ఉన్న పేరు పెట్టండి.

```
D02_P014.jpg
D02_P015.jpg
```

రెండో డైరీ, పద్నాలుగో పేజీ అని దీని అర్థం. ఫొటో పేరులో తేదీ పెట్టవద్దు. తేదీ మీరు తేల్చేది, రేపు మారవచ్చు. పేజీ సంఖ్య మారదు. ఖాళీ పేజీని కూడా లెక్కలో ఉంచండి. ఖాళీ అని వదిలేస్తే, చినిగిపోయిన కాగితం ఎక్కడ ఉండేదో తర్వాత పట్టుకోలేరు.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినవాటితో పని చేయవద్దు. పంపేటప్పుడు వాటి పరిమాణం తగ్గుతుంది, సన్నని ఒత్తులు చెరిగిపోతాయి. అవే ఫొటోలను `Document`గా పంపమనండి, అసలు పరిమాణంలో వస్తాయి.

2. గుర్తులు ముందే తేల్చుకోండి

పని సగంలో గుర్తులు మార్చుకుంటే మొదటి సగం పనికిరాకుండా పోతుంది. కింది ఐదు గుర్తులు చాలు. ఎక్కువ పెట్టుకుంటే మీరే మరిచిపోతారు.

```
[చదవరాలేదు: 2 పదాలు]
[చినిగింది: సుమారు 5 అక్షరాలు]
వడ్లు[?]
[కొట్టివేత: నాలుగు]
[పైన: మల్ల]
```

మొదటిది కాగితం మీద రాత ఉండి మీకు అందని చోట. రెండోది కాగితమే లేని చోట, చెదలు తిన్నా, చినిగినా. ఈ రెండింటినీ కలపకండి. చదవరానిదాన్ని రేపు ఇంకొకరు చదవగలరు. చినిగినదాన్ని ఎవరూ చదవలేరు. పాత తాళపత్రాలను అచ్చు వేసినవారు పోయిన భాగాన్ని గ్రంథపాతం అని చూపి ముందుకు పోయారు, తమ మాటతో పూడ్చలేదు. డైరీకీ అదే పద్ధతి.

మూడోది మీరు చదివారు కానీ గట్టిగా చెప్పలేని పదానికి. `[?]` గుర్తును పదానికి అంటించి పెట్టండి, మధ్యలో ఖాళీ వదలవద్దు. నాలుగోది ఆయనే కొట్టేసిన మాటకు. కొట్టేసినా కనిపిస్తే టైపు చేయాలి. అప్పు నాలుగు వందలని రాసి కొట్టేసి మూడు వందలని రాశాడంటే, ఆ కొట్టివేతే ఒక సంగతి. ఐదోది వరుస పైన ఇరికించిన మాటకు.

ఆయన రాతలో చదరపు బ్రాకెట్లు ఎక్కడైనా ఉంటే ఫైలు మొదట్లో ఆ ముక్క రాసిపెట్టి, మీ గుర్తులకు వేరే బ్రాకెట్లు ఎంచుకోండి.

3. చేతిరాత పట్టిక తయారు చేసుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. తర్వాత వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

డైరీలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కొన్ని ఉంటాయి. వారాల పేర్లు, నెలల పేర్లు, సొంత ఊరు, ఇంట్లోవాళ్ల పేర్లు. ఇవి ఏమిటో మీకు అనుమానం ఉండదు. కాబట్టి వాటిలోని అక్షరాలు ఆయన చేతిలో ఎలా పడతాయో వాటినుంచే తెలుస్తుంది. జనవరి, ఫిబ్రవరి అన్న పదాల్లో ఆయన "వ" ఎలా ఉందో చూడండి. పది, పన్నెండు అన్నచోట "ప" ఎలా ఉందో చూడండి. రెండింటినీ నోటు పుస్తకంలో పక్కపక్కన గీయండి. వేగంగా రాసే చేతిలో "ప" తలకట్టు కిందికి దిగి "వ"లా కనిపిస్తుంది. అప్పుడు "పండ్లు", "వడ్లు" అన్న రెండు మాటలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఒక రైతు డైరీలో అది చిన్న తేడా కాదు.

అంకెలకూ ఇలాగే వేరే పట్టిక వేయండి. తెలుగు అంకెలు వాడినవారైతే ౨, ౩ రెండింటి తోకలు చూసుకోవాలి. తేదీలు వరుసగా వస్తాయి కనుక, పన్నెండు తర్వాతి పేజీలో ఉన్నది పదమూడే. ఆ పేజీలోని ౩ ఆకారం మీకు ఖాయంగా దొరికినట్టే. డబ్బు లెక్కల్లో అనుమానం వచ్చినప్పుడు దానితో పోల్చండి.

పాత చేతిరాతలో ఇంకో ఉచ్చు వలపలగిలక. "ధర్మం", "మార్చి" లాంటి మాటల్లో "ర్" అక్షరాన్ని తర్వాతి అక్షరానికి కుడివైపు ౯ లాంటి గీతగా పెట్టేవారు. అది తొమ్మిది అంకె కాదు. దీన్ని మామూలుగా "ర్" అనే టైపు చేయండి. మీరు అలా చేసినట్టు ఫైలు మొదట్లో ఒక వాక్యం రాయండి. అరసున్న (ఁ), బండి ఱ వాడి ఉంటే మాత్రం ఉన్నవి ఉన్నట్టే కొట్టండి, కీబోర్డులో ఉన్నాయి.

4. తేదీ తేల్చండి

అచ్చు డైరీ పైన ఉన్న తేదీని కళ్లు మూసుకుని నమ్మవద్దు. ఎవరో ఇచ్చిన పాత డైరీని రెండు మూడేళ్ల తర్వాత నోటు పుస్తకంలా వాడుకోవడం మామూలే. వారం పేరుతో దాన్ని పట్టుకోవచ్చు.

మన నమూనా పేజీ చూడండి. పైన అచ్చులో 1956 జనవరి 14, శనివారం అని ఉంది. కింద చేతిరాతలో మొదటి మాట "మంగళ". 1956లో జనవరి 14 శనివారమే, అచ్చు తప్పు కాదు. అంటే ఆయన రాసింది 1956లో కాదు. జనవరి 14 మంగళవారం వచ్చిన దగ్గరి సంవత్సరాలు వెతికితే 1947, 1958, 1964 దొరుకుతాయి. 1956 కోసం అచ్చు వేసిన పుస్తకంలో 1947లో రాయలేరు కదా. మిగిలినవి రెండు.

లోపల కందెనకు "౨౫ న.పై." అని ఉంది. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అది 1958కీ సరిపోతుంది, 1964 జనవరికీ సరిపోతుంది. ఈ ఒక్క పేజీతో తేలదు. అందుకే ముందుకు పోయి మార్చి నెల పేజీ తీయండి. 1964 లీపు సంవత్సరం, 1958 కాదు. కాబట్టి ఫిబ్రవరి దాటాక వారాలు విడిపోతాయి. మార్చి 14 అని చేత్తో రాసిన చోట "శుక్ర" ఉంటే 1958, "శని" ఉంటే 1964. మన డైరీలో "శుక్ర" ఉంది. పైగా 1956 కూడా లీపు సంవత్సరమే కనుక అచ్చులో ఫిబ్రవరి 29కి ఒక పేజీ ఉంటుంది. ఆయన దాన్ని కొట్టేసి "మార్చి ౧" అని రాసుకున్నాడు. 1958 ఖాయమైంది.

ఇంత తేల్చాక ఆ ఆధారాన్ని ఫైలులోనే రాయండి. తేదీ ఒక్కటే రాసి ఆధారం రాయకపోతే మీ తర్వాతివారు మళ్లీ మొదటినుంచి తవ్వాలి.

పండుగలు, జాతరలు కూడా సాక్ష్యమే. "ఐలోని మల్లన్న", అంటే ఐనవోలు మల్లన్న జాతర మాట జనవరి మధ్యలో వస్తే సంక్రాంతితో కుదిరింది. అదే మాట జూన్ పేజీలో కనిపిస్తే పేజీలు తారుమారయ్యాయేమో చూసుకోవాలి. తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే ఇంకా మంచిది. 1957 ఉగాది నుంచి 1958 ఉగాది దాకా హేవిలంబి, 1963 ఉగాది నుంచి 1964 ఉగాది దాకా శోభకృత్తు. జనవరి పేజీలో హేవిలంబి అని ఉంటే పైన చేసిన లెక్కంతా ఒక్క మాటతో తేలిపోయేది.

1948కి ముందటి డైరీ అయితే ఫసలీ తేదీలు ఉండవచ్చు. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజూరు నెలతో, అంటే అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. ఆజూరు మొదటి రోజు నుంచి డిసెంబరు దాకా పడే తేదీకి ఫసలీ సంఖ్యకు 590 కలపండి, జనవరి నుంచి ఆ ఫసలీ సంవత్సరం చివరిదాకా అయితే 591. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు మొదటి రోజుల దాకా. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలయ్యేది, కాబట్టి ఆ పట్టికలు మన డైరీలకు వాడవద్దు. నెల పేరు, రోజు ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, ఇంగ్లిషు తేదీని మీ పంక్తిలో వేరుగా రాయండి.

తేదీ పూర్తిగా తేలకపోతే తేలినంతే రాయండి. `1958-03-??` అంటే నెల తెలుసు, రోజు తెలియదు. ఆ పేజీని అందాజుగా ఇంకోచోటికి జరపవద్దు. పుస్తకంలో ఉన్న వరుసలోనే ఉంచండి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఒక రోజు రాత ఎక్కువై మరుసటి రోజు అచ్చు పేజీలోకి పారుతుంది. టైపు చేసేవారు దాన్ని కొత్త రోజు అనుకుంటారు. ఎలా గుర్తుపట్టాలి? వారం పేరు ఉండదు, వాక్యం మధ్యలో మొదలవుతుంది, సిరా రంగు, కలం మందం ముందు పేజీదే ఉంటుంది. అలాంటప్పుడు ముందు రోజు కిందే కొనసాగించి, పేజీ మారిన చోట రెండో ఫొటో పేరు వేయండి. "నిన్న రాయలేదు, నిన్న పెద్దవాన పడ్డది" అని ఉన్నా ఆ రాతను నిన్నటి తేదీకి జరపవద్దు. రాసిన రోజే దాని తేదీ.

5. వరుసకు వరుస టైపు చేయండి

ప్రతి రోజు రాతకూ పైన మూడు పంక్తులు మీవి, కింద అంతా ఆయనది. నమూనా పేజీ ఇలా తయారవుతుంది.

```
== 1958-01-14 ==
ఫొటో: D02_P014
ఆధారం: అచ్చు 1956 జనవరి 14 శని; చేతిరాత "మంగళ"; మార్చి 14 "శుక్ర"; ఫిబ్రవరి 29 పేజీ కొట్టేసి "మార్చి ౧"
--
మంగళ. ప్రొద్దున బండి గట్టుకొని ఐలోనికి
పోయిన. మల్లన్నకు బోనం జేసిండ్రు. ఒగ్గోల్లకు
౧ రూ. ఇచ్చిన. బండికి కందెన ౨౫ న.పై.
[చదవరాలేదు: 2 పదాలు] మాపటికి [పైన: మల్ల]
వచ్చినం. వడ్లు[?] ౩[?] బస్తలు పెద్దన్న ఇంట్ల.
```

ఆయన వరుస ఎక్కడ ఆగితే మీరూ అక్కడే `Enter` కొట్టండి. చూడటానికి అందంగా ఉండదు కానీ, సరిచూసేటప్పుడు ఫొటోలో ఐదు వరుసలు, ఫైలులో ఐదు వరుసలు ఉన్నాయో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. వరుసలు కలిపిన కాపీ కావాలంటే చివర్లో వేరుగా చేసుకోవచ్చు.

ఇప్పుడు ఇదే పేజీని బడి తెలుగు అలవాటైన చేయి ఎలా టైపు చేస్తుందో చూడండి: "పొద్దున బండి కట్టుకొని ఐనవోలుకు పోయాను. మల్లన్నకు బోనం చేశారు. ఒగ్గువాళ్లకు రూపాయి ఇచ్చాను." చదవడానికి హాయిగా ఉంది. కానీ ఆయన మాట పోయింది. "పోయిన", "ఇచ్చిన", "వచ్చినం" అన్నవి ఈ ప్రాంతంలో పూర్తి క్రియలు, అసంపూర్తిగా వదిలేసినవి కావు. "జేసిండ్రు"లో జ, "గట్టుకొని"లో గ ఆయన నోట్లో పలికిన తీరు. "ఇంట్ల" అన్నది "ఇంట్లో" రాయబోయి మరిచిపోయింది కాదు. "ఐలోని" ఆ ఊరిని జనం పిలిచే పేరు. మానుకోట అని ఉంటే మహబూబాబాద్ చేయవద్దు, దవాఖాన ఆసుపత్రి కాకూడదు. కైకిలి, యాసంగి, కచేరి వంటి మాటలు ఈ కాలం పిల్లలకు అర్థం కావని అనిపిస్తే ఫైలు చివర చిన్న పదకోశం పెట్టండి. ఆయన వాక్యంలో చేయి పెట్టవద్దు.

నిజంగానే తప్పు రాశాడనిపిస్తే? ఒక అక్షరం రెండుసార్లు పడింది, పదం సగంలో ఆగింది. అదీ అలాగే ఉంచండి. టైపు చేసినవారి తప్పని ఎవరైనా అనుకుంటారని భయముంటే పక్కన `[ఇలాగే ఉంది]` అని పెట్టండి. దీన్ని పొదుపుగా వాడండి. ప్రతి మాండలిక పదం పక్కనా పెడితే ఆయన భాషే తప్పన్నట్టు కనిపిస్తుంది.

డబ్బు, కొలతలు మార్చవద్దు. "౩-౮-౦" అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు, సున్నా పైలు. రూపాయికి 16 అణాలు కనుక అది మూడున్నర. దాన్ని 3.50 అని టైపు చేయకూడదు. తేదీ అనుకునే ప్రమాదమూ ఉంది. చివరి అంకె సున్నా అయితే, మధ్య అంకె 15 దాకా పోతుంటే అది అణాల లెక్క. నయా పైసలు వచ్చాక కూడా కొన్నాళ్లు ఒకే పేజీలో రెండు లెక్కలూ కనిపిస్తాయి. అలాగే ఉంచండి. ఆయన తెలుగు అంకెలు వాడితే తెలుగువే, ఇంగ్లిషువి వాడితే ఇంగ్లిషువే కొట్టండి.

6. చదవరాని చోట ఏం చేయాలి

ఒక పదం దగ్గర మూడు నిమిషాలకు మించి ఆగవద్దు. గుర్తు పెట్టి ముందుకు పోండి. ఇరవై ముప్పై పేజీలు టైపు చేశాక ఆ చేతిరాత మీ కంటికి అలవాటవుతుంది. అప్పుడు వెనక్కి వస్తే మొదట వదిలినవాటిలో కొన్ని ఇట్టే తెలుస్తాయి. కాబట్టి మొదటి పది పేజీలను రెండోసారి చూడటం తప్పనిసరి అనుకోండి.

రెండోసారి కూడా అందకపోతే ఫొటో కాపీ మీద కొన్ని పనులు చేసి చూడండి. సిరా వెలిసిపోతే కాంట్రాస్ట్ పెంచండి, రంగులు తిరగేసి నలుపు మీద తెలుపుగా చూడండి. వెనక పేజీ సిరా ఇటువైపు దిగి ఉంటే, వెనక పేజీ ఫొటోను కుడి ఎడమలు తిప్పి పక్కన పెట్టండి. ఏ గీతలు అటువైపువో తేలి, మిగిలినవే ఈ పేజీ అక్షరాలని అర్థమవుతుంది. పెన్సిలు రాత చెరిగిపోతే, డైరీ ఇంకా ఇంట్లో ఉంటే, చీకటి గదిలో టార్చిని పేజీకి పక్కనుంచి దాదాపు అడ్డంగా పట్టుకుని కొత్త ఫొటో తీయండి. పెన్సిలు నొక్కిన గాడి నీడగా కనిపిస్తుంది. కాగితాన్ని తడపడం, రసాయనం పూయడం, సుద్దపొడి రుద్దడం వంటివి ఎవరు చెప్పినా చేయవద్దు.

పెద్దమనిషిని అడిగేటప్పుడు మీ ఊహ ముందు చెప్పవద్దు. "ఇది వడ్లే కదా?" అంటే అవునంటారు. "ఇక్కడ ఏముందో చూడండి" అని ఫొటో ఇవ్వండి. వాళ్లంతట వాళ్లే వడ్లు అంటే `[?]` తీసేయవచ్చు. "పండ్లేమో" అంటే రెండూ రాయండి: `వడ్లు[? లేదా పండ్లు]`. మన నమూనాలో అంకెకు కూడా విడిగా `[?]` ఉంది. పదం మీద అనుమానం వేరు, లెక్క మీద అనుమానం వేరు. అంకెను మాత్రం సందర్భం చూసి ఊహించవద్దు. మూడు బస్తాలా ఆరు బస్తాలా అన్నది వాక్యం చెప్పదు, ఆకారమే చెప్పాలి.

ఎంత భాగం పోయిందో రాయడం మరవద్దు. ఒట్టి చుక్కలు పెడితే పోయింది ఒక పదమో మూడు వరుసలో తెలియదు. పక్క వరుసలో అంత జాగాలో ఎన్ని పదాలు పట్టాయో లెక్కపెట్టి రాయండి.

7. సరిచూడండి

ముందు ఒక్కరే చేయగల పని. ఫైలులో "ాను" అని వెతకండి. ఆయన ఎప్పుడూ "పోయిన", "ఇచ్చిన" అనే రాస్తాడని మీకు తెలుసు. కాబట్టి దొరికిన ప్రతి "పోయాను", "చేశాను" మీ చేయి జారినచోటే కావచ్చు. ఒక్కొక్కటీ ఫొటోతో పోల్చండి. నిజంగా ఆయనే అలా రాసి ఉంటే ఉంచండి, ఉత్తరాల భాష పట్టుబడ్డ రోజుల్లో కొందరు రెండూ కలిపి రాసేవారు. ఇలాగే "ారు", "ళ్లో" వెతకండి.

తర్వాత సున్నాలు. తెలుగు సున్నా అంకె ౦, పూర్ణానుస్వారం ం తెరమీద ఒకేలా ఉంటాయి. పొరపాటున రెండోది కొడితే కంటికి తెలియదు, కానీ వెతికితే ఆ లెక్క దొరకదు. లిబ్రాఫీస్‌లో `Find & Replace` తెరిచి `Regular expressions` గుర్తు పెట్టి ఇది వెతకండి.

```
[౦-౯\-]ం
```

దొరికినవన్నీ దాదాపు తప్పులే. అయినా ఒక్కొక్కటే దిద్దండి. `Replace All` జోలికి ఈ పని మొత్తంలో పోవద్దు. ఒక్క నొక్కుతో నూరు పేజీల మాట మారిపోతుంది, ఎక్కడ మారిందో కూడా తెలియదు.

ఆ తర్వాత ఇద్దరు కూర్చుని చేసేది. ఒకరు ఫొటో చూసి, పలికే తీరు మార్చకుండా, విరామాలతో సహా పైకి చదవాలి. ఇంకొకరు ఫైలు చూడాలి. టైపు చేసినవారు ఫైలు పట్టుకోకూడదు, ఫొటో చదవాలి. తాము కొట్టింది తమకు సరిగ్గానే కనిపిస్తుంది. అంకెలన్నీ వేరుగా, పేజీ కిందినుంచి పైకి ఒకసారి చూడండి. కింది నుంచి చదివితే అర్థం కళ్లకు అడ్డం రాదు. మొత్తం ఇలా చూసే తీరిక లేకపోతే ప్రతి పదో పేజీ చూడండి. ఒక పేజీలో రెండుకు మించి తప్పులు దొరికితే దాని ముందు పేజీలు, తర్వాతి పేజీలు కూడా పూర్తిగా చూడాలి, ఎందుకంటే అలసిపోయి కొట్టిన పూట తప్పులు గుంపుగా పడతాయి.

ఒక్క పేజీలోనూ చదవరాని గుర్తు లేకుండా యాభై పేజీల ఫైలు వచ్చిందంటే సంతోషపడకండి, అనుమానించండి. చేతిరాత ఎంత బాగున్నా అక్కడక్కడా అందని మాట ఉంటుంది. గుర్తులు లేవంటే ఎవరో ఊహించి పూడ్చారని అర్థం.

8. దాచడం, పంచుకోవడం

ఫైలును మామూలు టెక్స్ట్‌గా, యూటీఎఫ్-8లో దాచండి. పేరు `D02_1958.txt` లాంటిది చాలు. ఫొటోల ఫోల్డర్లోనే ఒక కాపీ, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఒక కాపీ ఉండాలి. ఫైలు మొదట్లో ఎవరు టైపు చేశారు, ఎప్పుడు, ఏ గుర్తుకు ఏ అర్థం, వలపలగిలక ఎలా కొట్టారు అన్నవి నాలుగైదు పంక్తుల్లో రాయండి.

డైరీలో ఇరుగుపొరుగుల అప్పులు, జబ్బులు, తగాదాలు ఉంటాయి. వాళ్ల పిల్లలు ఇప్పుడూ ఆ వాడలోనే ఉండవచ్చు. టైపు చేసేటప్పుడు ఏదీ వదలకండి. నలుగురికీ పంపేటప్పుడు మాత్రం వేరే కాపీ చేసుకుని, తీసేసిన చోట `[ఇక్కడ 2 వరుసలు ఆపాం]` అని రాయండి. అక్కడ `[చదవరాలేదు]` అని పెట్టవద్దు. మీరు కావాలని ఆపినదానికి ఆ గుర్తు వేస్తే, అసలు ఫైలులోని గుర్తులను కూడా ఎవరూ నమ్మరు.